ఒంటి కొలతా, చొక్కా కొలతా? సైజు పట్టిక ముందుగా తేల్చవలసిన ప్రశ్న

తిరిగి వచ్చిన 23 చొక్కాలను ఒకదాని తరువాత ఒకటి బల్లమీద పరచి, గుండీలు పెట్టి, ముడతలు సరిచేసి టేపుతో కొలిచాను. వాటిలో ఒక్కటి కూడా తప్పు కొలతతో కుట్టినది కాదు. కొన్నవారిలో ఎక్కువమంది తిరిగి పంపుతూ "ఛాతీ దగ్గర బిగుతుగా ఉంది" అన్న ఒకే కారణం రాశారు కాబట్టి, కుట్టినచోట ఏదో పొరపాటు జరిగి ఉంటుందని అంతవరకూ అనుకున్నాను. కానీ ఎస్ సైజు చొక్కా చుట్టుకొలత 102 సెంటీమీటర్లు ఉండాలి, అంతే ఉంది. ఎం సైజు 107 ఉండాలి, అర సెంటీమీటరు అటూ ఇటూగా అంతే ఉంది. చొక్కాలు సరైనవే, కొన్నవారు చెప్పినదీ నిజమే. తప్పు ఈ రెంటి మధ్య ఉన్న పట్టికలో ఉంది, ఆ పట్టిక రాసింది నేను.

దుస్తులు తయారుచేసే చిన్న సంస్థలకు అమ్మకపు వివరాలు రాసి ఇవ్వడం నా పని. ఫోటోల కింద ఉండే వర్ణన, బట్ట వివరం, సైజు పట్టిక, దాని కింద "ఎలా పడుతుంది" అని చెప్పే రెండు మూడు వాక్యాలు నా చేతి మీదుగానే వెళతాయి. ఈ పనిలో నేను నేర్చుకున్నవాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఆ 23 చొక్కాల వల్లనే తెలిసింది కాబట్టి, ఆ ఒక్క ఉదాహరణనే పట్టుకుని చివరిదాకా చెబుతాను. సైజు పట్టిక మొదట చెప్పవలసింది అంకెలు కాదు, ఆ అంకెలు ఎవరివో చెప్పాలి. అవి కొనేవారి ఒంటివా, అమ్మే చొక్కావా అన్నది తేలకుండా మిగిలినదంతా ఎంత శ్రద్ధగా రాసినా ప్రయోజనం ఉండదు.

నా పట్టికలో "ఛాతీ" అనే శీర్షిక కింద ఎస్‌కు 102, ఎంకు 107, ఎల్‌కు 112, ఎక్స్ఎల్‌కు 117 అని ఉంది. కుట్టిన చోటినుంచి వచ్చిన కొలతల కాగితంలో ఉన్న అంకెలను నేను యథాతథంగా దించాను. ఆ కాగితం కుట్టేవారి కోసం రాసినది. అక్కడ ఛాతీ అంటే పూర్తయిన చొక్కా చుట్టుకొలత అని చెప్పనవసరం లేదు, ఎందుకంటే ఆ గదిలో ఉన్న ప్రతివారి చేతిలోనూ చొక్కాయే ఉంటుంది. ఆ కాగితం కొనేవారి ముందుకు వచ్చినప్పుడు మాత్రం అదే మాటకు అర్థం మారిపోతుంది. టేపు తీసుకుని అద్దం ముందు నిలబడినవారికి ఛాతీ అంటే తమ ఛాతీయే.

ఒంటి ఛాతీ 102 సెంటీమీటర్లు ఉన్న ఒక కొనుగోలుదారును ఊహించండి. ఆయన శ్రద్ధగా కొలుచుకుని, పట్టికలో 102 ఎక్కడ ఉందో వెతికి, ఎస్ తెప్పించుకున్నారు. వచ్చిన చొక్కా చుట్టుకొలత 102, ఆయన ఛాతీ కూడా 102. సాగే గుణం లేని నేత బట్టలో ఒంటికీ గుడ్డకూ మధ్య ఖాళీ సున్నా అయితే గుండీలు పట్టడమే కష్టం. పట్టినా గుండీకీ గుండీకీ మధ్య బట్ట నోరు తెరుస్తుంది, చేతులు ముందుకు చాపితే వీపు పట్టేస్తుంది, నిండుగా ఊపిరి తీసుకుంటే గుండీ తెగుతుందేమో అనిపిస్తుంది. ఆయనకు నిజంగా సరిపోయేది ఎల్. అంటే ఆయన ఒకటి కాదు, రెండు సైజులు చిన్నది తెప్పించుకున్నారు, అదీ నా పట్టిక చెప్పిన ప్రకారమే.

ఇదే చొక్కా కింద "చక్కగా సరిపోయింది" అన్న అభిప్రాయాలు కూడా ఉండడం నన్ను చాలాకాలం తప్పుదారి పట్టించింది. అలా రాసినవారిలో కొందరిని అడిగితే, తాము పట్టిక చూడలేదని, ఎప్పుడూ వేసుకునే ఎం సైజునే ఎంచుకున్నామని చెప్పారు. ఒకరు మాత్రం తన దగ్గరున్న నచ్చిన చొక్కాను పరచి కొలిచి, ఆ అంకెను పట్టికతో పోల్చుకున్నారట. ఆయన కొలిచింది చొక్కాను కాబట్టి సరిగ్గా తగిలింది. పట్టికను నమ్మి ఒంటిమీద టేపు పెట్టినవారే నష్టపోయారు, దానిని పట్టించుకోనివారు బాగుపడ్డారు. పట్టిక రాసే మనిషికి ఇంతకంటే బాధ కలిగించే సంగతి మరొకటి ఉండదని నా అభిప్రాయం.

ఒంటి కొలతకూ దుస్తు కొలతకూ మధ్య ఉండే ఈ తేడాను కుట్టుపనివారు లూజు అంటారు, నేను వదులు అని రాస్తాను. కొలత తీసుకుని కుట్టే టైలరు ఒంటి కొలతకు కొంత కలిపి గుడ్డ కత్తిరిస్తాడు, ఎంత కలపాలన్నది బట్టను బట్టి, వేసుకునేవారి ఇష్టాన్ని బట్టి నిర్ణయిస్తాడు. తయారైన దుస్తులలో ఆ నిర్ణయం ముందే జరిగిపోయి ఉంటుంది, కొనేవారికి అది కనిపించదు. సాగని నేత బట్టతో మామూలు తీరులో కుట్టిన చొక్కాకు ఛాతీ దగ్గర 8 నుంచి 12 సెంటీమీటర్ల వదులు ఉంటే ఒంటికి హాయిగా ఉంటుంది. ఐదారు సెంటీమీటర్లకు తగ్గితే ఒంటిని పట్టుకున్నట్టు ఉంటుంది. పదిహేను దాటితే కావాలనే వదులుగా కుట్టినట్టు కనిపిస్తుంది. ఇవి చట్టాలు కావు. కత్తిరింపు మారితే మారతాయి, కానీ పట్టిక రాసేవారు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడానికి సరిపోతాయి.

అల్లిక బట్టకు వచ్చేసరికి లెక్క తలకిందులు కావచ్చు. స్పాండెక్స్ కలిసిన, ఒంటికి అంటిపెట్టుకుని ఉండే టీషర్టు ఛాతీ 92 సెంటీమీటర్లే ఉండి, 97 సెంటీమీటర్ల ఒంటికి సరిగ్గా పట్టవచ్చు. అక్కడ వదులు సున్నాకన్నా తక్కువ, ఎందుకంటే ఆ మిగతాది బట్ట సాగి ఇస్తుంది. అలాంటి టీషర్టుకు దుస్తు కొలత మాత్రమే ఇస్తే, 97 ఉన్న మనిషి 92 చూసి భయపడి రెండు సైజులు పెద్దది తెప్పించుకుంటారు, అది సంచిలా వేలాడి తిరిగి వస్తుంది. చొక్కా విషయంలో చిన్నదై తిరిగి రావడానికి, టీషర్టు విషయంలో పెద్దదై తిరిగి రావడానికి మూలం ఒకటే.

ఇక నేను చేసిన రెండవ తప్పు దగ్గరకు వస్తాను, ఎందుకంటే మొదటిదానికంటే ఇది ఎక్కువమంది చేసేది. మొదటి నెలలో "బిగుతు" అన్న ఫిర్యాదులు పెరిగినప్పుడు, కారణం వెతకకుండా పట్టిక కింద "ఈ చొక్కా కాస్త చిన్నదిగా వస్తుంది, ఒక సైజు పెద్దది తీసుకోండి" అని ఒక వాక్యం చేర్చాను. అది సాయం చేస్తున్నట్టే కనిపించింది. ఛాతీ 102 ఉన్న మన కొనుగోలుదారు ఆ మాట విని ఎస్‌కు బదులు ఎం తెప్పించుకుంటే, 107లోంచి 102 పోగా 5 సెంటీమీటర్ల వదులు మిగులుతుంది. గుండీలు పడతాయి కానీ ఇంకా బిగుతే. అదే సమయంలో, అలవాటు ప్రకారం సరైన ఎం ఎంచుకునే 97 ఛాతీ మనిషి కూడా ఆ మాట నమ్మి ఎల్ తెప్పించుకున్నారు. ఆయనకు 15 సెంటీమీటర్ల వదులు వచ్చింది, భుజం కుట్టు చేతి మీదకు జారింది, చేతి అంచు అరచేతి మీద పడింది. ఆ తరువాత ఒకే చొక్కాకు "చిన్నది" అనీ "పెద్దది" అనీ రెండు రకాల రిటర్నులు రావడం మొదలైంది. ఒక సైజు పెంచమన్న సలహా మొదటివారికి చాలలేదు, రెండవవారికి చెరుపు చేసింది.

అందుకే "చిన్నదిగా వస్తుంది" అనే వాక్యాన్ని చూస్తే ఇప్పుడు నాకు అనుమానం కలుగుతుంది. దేనితో పోలిస్తే చిన్నది? సాధారణంగా జనం వేసుకునే ఎం సైజుతో పోలిస్తేనా? అలాంటి సాధారణ ఎం ఎక్కడా లేదు. అక్షరాలకూ అంకెలకూ అందరూ ఒప్పుకున్న ఒకే అర్థం నిలబెట్టడానికి పెద్ద ప్రయత్నాలే జరిగాయి. అమెరికా వ్యవసాయ శాఖ 1939, 1940 సంవత్సరాలలో సుమారు 15,000 మంది స్త్రీల ఒంటి కొలతలు తీయించి, ఆ ఫలితాలను 1941లో ప్రచురించింది. వాటి ఆధారంగా 1958లో సైజుల ప్రమాణం ఒకటి అక్కడ వెలువడింది. తయారీదారులు దానిని పాటించవలసిన నిర్బంధం లేకపోవడంతో అది క్రమంగా పట్టు కోల్పోయింది, 1983లో దానిని ఉపసంహరించారు. ఐరోపాలో వచ్చిన ఈఎన్ 13402 ప్రమాణం నా ఉద్దేశంలో తెలివైన దారి పట్టింది. చీటీ మీద మనిషి బొమ్మ వేసి, ఆ బొమ్మమీద ఏ చోట ఎన్ని సెంటీమీటర్లు ఉన్న ఒంటికి ఈ దుస్తు ఉద్దేశించినదో రాయమంటుంది. అక్షరం కంటే ముందు ఒంటిని చెప్పడం అందులోని మూల ఆలోచన. తన సొంత పట్టికలో ఈ పని చేయడానికి ఏ అమ్మకందారూ ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడనక్కరలేదు.

కొలతలు తీసిన తరువాత నేను పట్టికను కొత్తగా రాశాను. రెండు నిలువు వరుసలకు "ఛాతీ" అనే ఒకే పేరు ఎక్కడా పెట్టకుండా, ఎవరి ఛాతీయో ప్రతిచోటా స్పష్టంగా చెప్పాను.

| సైజు | మీ ఒంటి ఛాతీ (సెం.మీ.) | చొక్కా ఛాతీ (సెం.మీ.) |
|---|---|---|
| ఎస్ | 90–94 | 102 |
| ఎం | 95–99 | 107 |
| ఎల్ | 100–104 | 112 |
| ఎక్స్ఎల్ | 105–109 | 117 |

ఈ పట్టికలో చొక్కా అంకెలు పాతవే, ఒక్కటీ మారలేదు. ఎడమ పక్కన ఒంటి కొలత చేరింది, అంతే. ప్రతి వరుసలోనూ మధ్య కొలత ఉన్నవారికి 10 సెంటీమీటర్లు, అంచుల్లో ఉన్నవారికి 8 నుంచి 12 సెంటీమీటర్ల వదులు దొరికేలా హద్దులు పెట్టాను. ఒక వరుస 99 దగ్గర ఆగి, తరువాతిది 100 దగ్గర మొదలవడం కూడా కావాలని చేసిందే. చాలా పట్టికల్లో 95–100, 100–105 అని ఉంటుంది. సరిగ్గా 100 ఉన్న మనిషి ఏది తీసుకోవాలో తేల్చుకోలేక రెండూ తెప్పించుకుని, ఒకటి తిరిగి పంపుతారు. ఆ రిటర్ను ఆ మనిషి చపలత్వం వల్ల వచ్చింది కాదు, హద్దును రెండు గదులకూ రాసిన మన చేయి వల్ల వచ్చింది.

కొత్త పట్టిక బయటపెట్టిన ఇంకొక సంగతి ఉంది. పాత పట్టిక ప్రకారం ఒంటి ఛాతీ 117 ఉన్న మనిషి కూడా ఎక్స్ఎల్ తమకు పడుతుందనే అనుకుంటారు. నిజానికి అది 109 దాకానే పడుతుంది. వారికి సరిపోయే చొక్కా మా దగ్గర అసలు లేనే లేదు, అయినా పాత పట్టిక ఉన్నట్టు చెప్పింది. ఇలా రాస్తే అమ్మకాలు పోతాయని నాకు పని ఇచ్చినవారు కొందరు అన్నారు. పోతాయి, అందులో అబద్ధం లేదు. కానీ అవి తిరిగి వచ్చే అమ్మకాలే. వెళ్లి వచ్చిన చొక్కాను విప్పి చూడాలి, మరక ఉందేమో వెతకాలి, ఇస్త్రీ చేయాలి, చీటీ ఊడిపోతే మళ్లీ కట్టాలి, ఆ లోపల అదే సైజు కావలసిన వేరొకరికి అది అందుబాటులో లేకుండా పోతుంది. కొన్న మనిషి మాత్రం తన ఒళ్లే ఏదో తప్పయినట్టు బాధపడతారు. ఈ చివరిది నన్ను అన్నిటికంటే ఎక్కువ కలచివేస్తుంది.

ఒంటి కొలత ఒక్కటే ఇచ్చి, చొక్కా కొలత తీసేస్తే అయోమయం తగ్గదా అని అడిగేవారున్నారు. చదివేవారికి రెండు అంకెలు బరువని వారి వాదన. నేను ఒప్పుకోను. ఒంటి కొలత సైజు ఎంచుకోవడానికి పనికివస్తుంది, చొక్కా కొలత ఆ ఎంపికను సరిచూసుకోవడానికి పనికివస్తుంది. ఒళ్లు కొలుచుకోవడం సరిగా రానివారు, కొలుచుకోవడం ఇష్టంలేనివారు తమకు నచ్చిన చొక్కాను పరచి కొలుచుకోగలరు. కానీ దానికి పద్ధతి చెప్పాలి. గుండీలన్నీ పెట్టి, బట్టను లాగకుండా పరచి, చంక కుట్టుకు రెండున్నర సెంటీమీటర్ల కింద ఒక అంచునుంచి మరొక అంచుకు కొలిచి, వచ్చినదానిని రెండింతలు చేయమనాలి. పోల్చే చొక్కా కూడా సాగని బట్టతో కుట్టినదే అయి ఉండాలని తప్పకుండా చెప్పాలి, లేకపోతే సాగే టీషర్టును కొలిచి ఈ చొక్కా ఎంచుకుంటారు. ఒంటిని కొలిచేటప్పుడు టేపు చంకల కిందుగా, ఛాతీ ఎత్తుగా ఉన్న చోట, వెనుక జారిపోకుండా నేలకు సమాంతరంగా ఉండాలి, చేతులు కిందికి వదలాలి, ఊపిరి బిగబట్టకూడదు. ఈ నాలుగు మాటలూ పట్టిక పక్కనే ఉండాలి. వేరే పేజీలో ఉంటే చదివేవారు చాలా తక్కువ.

అంకెల విషయంలో ఒక చిన్న మాట. పాత పట్టికల్లో 106.7 అనే అంకె నాకు తరచుగా కనిపిస్తుంది. అది 42 అంగుళాలను సెంటీమీటర్లలోకి మార్చగా వచ్చినది, చొక్కాను అంత సూక్ష్మంగా కుట్టారని కాదు. పరచి కొలిచినప్పుడు ఒక సెంటీమీటరు అటూ ఇటూ ఉండడాన్ని కుట్టు పనిలో మామూలుగా అనుమతిస్తారు, అంటే చుట్టూ కొలిస్తే రెండు సెంటీమీటర్ల దాకా తేడా రావచ్చు. చుక్క పక్కన అంకె పెట్టి చదివేవారికి లేని కచ్చితత్వాన్ని చూపించడం కంటే, 107 అని రాసి "కుట్టులో 2 సెం.మీ. వరకు తేడా ఉండవచ్చు" అనడం నిజాయితీ.

కొత్త పట్టిక పెట్టిన తరువాత ఛాతీ గురించిన ఫిర్యాదులు బాగా తగ్గాయి. మిగిలినవాటిని కారణాల వారీగా కాకుండా, సైజు పక్కన కారణం పెట్టి చూశాను. ఈ పద్ధతిని నేను గట్టిగా సమర్థిస్తాను, ఎందుకంటే కారణం ఒక్కటే ఏమీ చెప్పదు. అన్ని సైజుల్లోనూ "చిన్నది" అని వస్తే పట్టిక మొత్తం ఒక పక్కకు జరిగి ఉందని అర్థం, మా మొదటి తప్పు అదే. పెద్ద సైజుల్లో మాత్రమే "చిన్నది" అని వస్తే సైజునుంచి సైజుకు కొలత పెంచిన తీరులో లోపం ఉండవచ్చు. ఒకే సైజుకు "చిన్నది", "పెద్దది" రెండూ వస్తుంటే, పట్టికను రెండు రకాలుగా చదువుతున్నారని గానీ, కుట్టు ఒకే తీరుగా లేదని గానీ అనుకోవాలి. ఈ రెంటిలో ఏదో తేల్చుకోవాలంటే తిరిగి వచ్చిన చొక్కాలను కొలవక తప్పదు. ఈసారి మా దగ్గర మిగిలినవి ఎల్, ఎక్స్ఎల్ సైజులలోనే ఉన్నాయి, వాటి పక్కన "చేతులు బిగుతు" అని ఉంది.

పై చేయి దగ్గర, అంటే చంకకు కాస్త కింద, చొక్కా చేతి చుట్టుకొలత ఎస్‌లో 36, ఎంలో 37, ఎల్‌లో 38, ఎక్స్ఎల్‌లో 39 ఉంది. ఛాతీ సైజుకు 5 సెంటీమీటర్లు పెరుగుతుంటే, చేయి 1 సెంటీమీటరే పెరుగుతోంది. మోచేయి మడిచినా బిగుసుకోకుండా ఉండాలంటే ఈ బట్టలో కనీసం 4 సెంటీమీటర్ల వదులు కావాలని వేసి చూస్తే తేలింది. ఆ లెక్కన ఎల్ చొక్కా 34 సెంటీమీటర్ల చేతికి, ఎక్స్ఎల్ 35 సెంటీమీటర్ల చేతికి సరిపోతుంది. ఛాతీ 102 ఉండి, పై చేయి 37 ఉన్న మనిషికి ఎల్ పట్టదు. ఎక్స్ఎల్‌కు వెళితే దొరికేది ఒక్క సెంటీమీటరు, దానికి బదులుగా ఛాతీ దగ్గర అనవసరంగా 5 సెంటీమీటర్లు వేలాడుతుంది. అంటే ఇక్కడ "ఒక సైజు పెద్దది తీసుకోండి" అన్న సలహా మొదటిసారి లాగే మళ్లీ తప్పే. ఈ చొక్కా ఆ మనిషికి కాదు, ఆ మాట ముందే చెప్పాలి.

ప్రతి దుస్తులోనూ ఇలా ముందుగా బిగుసుకునే చోటు ఒకటి ఉంటుందని అప్పటినుంచి గమనిస్తున్నాను. ఈ చొక్కాకు అది పై చేయి. ప్యాంటుకు తరచుగా తొడ, పట్టికలు మాత్రం నడుము గురించే మాట్లాడతాయి. పైగా ఆ నడుము అంకె కూడా తరచుగా పేరే తప్ప కొలత కాదు, 34 అని రాసిన ప్యాంటు పట్టీని టేపుతో కొలిస్తే 36 అంగుళాలు రావడం అరుదేమీ కాదు. "ఎలా పడుతుంది" అన్న వాక్యాల పని ఆ బిగుసుకునే చోటును పేరుపెట్టి చెప్పి, ఎంత కొలత దాకా పడుతుందో, సైజు పెంచితే ఆ చోట ఎంత కలిసివస్తుందో తెలియజేయడం. "సౌకర్యవంతమైన అమరిక", "అందరికీ నప్పే తీరు" లాంటి మాటలు ఈ పని ఏ మాత్రమూ చేయవు కాబట్టి వాటిని నేను పూర్తిగా మానేశాను.

ఉతికిన తరువాతి కొలత కూడా ఈ వాక్యాలలోకే రావాలి. నూలు బట్ట మొదటి ఉతుకుల్లో కుంచించుకుపోతుంది, నేత బట్టలో పొడవు వైపు అది సాధారణంగా ఎక్కువ. మా చొక్కాలు రెండింటిని చీటీ మీద రాసిన పద్ధతిలోనే మూడుసార్లు ఉతికి, ఆరబెట్టి, మళ్లీ కొలిచాము. ఎం సైజు పొడవు 74 నుంచి 72 సెంటీమీటర్లకు వచ్చింది, ఛాతీ 107 నుంచి 105కు వచ్చింది. మధ్య కొలత ఉన్నవారికి ఆ రెండు సెంటీమీటర్లు పెద్ద తేడా కాదు, వదులు 10 నుంచి 8 అవుతుంది. కానీ ఎం వరుసలో పై అంచున, 99 దగ్గర ఉన్న మనిషికి 8 కాస్తా 6 అవుతుంది, అంటే కొన్న రోజున హాయిగా ఉన్న చొక్కా నెల తిరిగేసరికి ఒంటిని పట్టుకోవడం మొదలుపెడుతుంది. అందువల్ల అంచున ఉన్నవారికి చెప్పే సలహాను ఉతికిన తరువాతి కొలతను బట్టి రాయడం న్యాయమని నిర్ణయించుకున్నాను.

ఇవన్నీ కలిపి చివరకు ఆ చొక్కా కింద నేను రాసిన మాటలు ఇవి:

"ఇది సాగే గుణం లేని నూలు నేత బట్ట. పట్టికలో మొదటి కొలత మీ ఒంటిది, సైజును దానినిబట్టి ఎంచుకోండి. రెండవది చొక్కాది, అది మీ ఛాతీ కంటే 8 నుంచి 12 సెం.మీ. వదులుగా ఉంటుంది. ఉతికిన తరువాత ఛాతీ దాదాపు 2 సెం.మీ., పొడవు దాదాపు 2 సెం.మీ. తగ్గుతాయి, కాబట్టి మీ కొలత వరుసలో చివరి అంకె అయి, వదులుగా వేసుకోవడం మీకు ఇష్టమైతే తరువాతి సైజు తీసుకోండి. చేతులు కాస్త సన్నంగా కుట్టినవి. ఎల్ సైజు 34 సెం.మీ. పై చేతి వరకు, ఎక్స్ఎల్ 35 సెం.మీ. వరకు హాయిగా ఉంటాయి. అంతకంటే ఎక్కువ ఉంటే సైజు పెంచినా చేతుల దగ్గర తేడా తెలియదు. ఫోటోలోని వ్యక్తి ఎత్తు 178 సెం.మీ., ఛాతీ 96 సెం.మీ., ఎం సైజు వేసుకున్నారు."

ఫోటో గురించిన ఆఖరి వాక్యం మొదట్లో లేదు. ఫోటో తీసేటప్పుడు చొక్కా ఒంటికి చక్కగా అమరినట్టు కనిపించాలని వెనుకవైపు బట్టను మడిచి క్లిప్పులు పెట్టడం ఈ రంగంలో అలవాటు. మా ఫోటోలోనూ పెట్టారు. 10 సెంటీమీటర్ల వదులు ఉన్న చొక్కా ఫోటోలో మూడు నాలుగే ఉన్నట్టు కనిపిస్తే, పట్టిక ఎంత నిజం చెప్పినా కొనేవారు కన్ను చెప్పినదే నమ్ముతారు. అందుకని క్లిప్పులు తీసి మరొక ఫోటో తీయించి, పాతదాని స్థానంలో పెట్టిన తరువాతే ఆ వ్యక్తి కొలతలు రాశాను.

పట్టికను బొమ్మగా కాకుండా అక్షరాలుగా పెట్టడానికి కూడా కొంత పట్టుబట్టవలసి వచ్చింది. బొమ్మగా పెడితే ఫోన్ తెరమీద అంకెలు చీమలంత అవుతాయి, చూపు మందగించినవారికి చదివి వినిపించే సాధనాలకూ సరిగా అందవు, ఒక్క అంకె మారితే మొత్తం బొమ్మ మళ్లీ గీయాలి. ఆ శ్రమకు వెరచి తప్పు అంకెను అలాగే వదిలేయడం నేను చాలాచోట్ల చూశాను.

పట్టిక మారవలసిన సందర్భం మాకు మూడు నెలలకే వచ్చింది. అదే చొక్కా రెండవ విడత కుట్టి వచ్చినప్పుడు ఇప్పుడున్న పట్టికే సరిపోతుందని అందరూ అన్నారు. ప్రతి సైజులోనూ ఐదేసి తీసి కొలిచాను. ఛాతీ, పొడవు మొదటి విడతలాగే ఉన్నాయి, భుజం మాత్రం ఎంలోనూ ఎల్‌లోనూ ఒక సెంటీమీటరు తగ్గింది. భుజం పట్టికలో లేని కొలత కాబట్టి ఎవరూ గమనించలేదు. మొదటి విడత చొక్కా నచ్చి మళ్లీ అదే సైజు తెప్పించుకునేవారికి ఆ సెంటీమీటరు తప్పకుండా తెలుస్తుంది. అందుకని ఆ రోజే పట్టికలో భుజానికి ఒక నిలువు వరుస చేర్చి, కింద "ఇంతకుముందు ఇదే చొక్కా కొన్నవారికి: ఈ విడతలో ఎం, ఎల్ సైజుల భుజం 1 సెం.మీ. తక్కువ" అని రాశాను.